నా భార్య చేత నేను మాన్పించిన మాత్ర

నేను తాగుడు మానేసి ఆరేళ్ళయింది. ఈ మాట చెప్పుకోవడంలో నాకున్న పొగరు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ పొగరుతోనే ఒకప్పుడు పన్నెండు రోజులపాటు నా భార్యను హింస పెట్టాను. అదీ ఆమెకు మేలు చేస్తున్నాననే నమ్మకంతో.

మాది చెన్నైలో తిరువొత్తియూరు. నేను ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని చేస్తాను, ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. పదేళ్ళు నా తాగుడు భరించింది. నేను మానిన ఏడాదికి, ఇక హాయిగా ఉండాల్సిన సమయంలో, ఆమె మంచం పట్టింది. జ్వరం లేదు, నొప్పి లేదు. తల దువ్వుకోదు, అన్నం కెలికి వదిలేస్తుంది, కుట్టుమిషను ముందు కూర్చుని గుడ్డవైపు ఊరికే చూస్తుంది. వాళ్ళక్క పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. డిప్రెషన్ అన్నారు, రోజుకొక మాత్ర రాశారు. నెలన్నర తిరిగేసరికి మనిషి లేచి కూర్చుంది. మళ్ళీ జాకెట్లు కుట్టింది, మళ్ళీ నన్ను తిట్టింది.

ఏడాదిన్నర అలా గడిచింది. ఎన్నూరులో ఉండే వాళ్ళక్క ఇంటికి రెండు రోజులుందామని వెళ్ళి, మాత్రలు ఇంట్లోనే మరిచిపోయింది. రెండో రోజు సాయంత్రానికి కళ్ళు తిరగడం, వాంతులు. నేనే వెళ్ళి ఆటోలో తీసుకొచ్చాను. వచ్చీరాగానే మాత్ర వేసుకుంది. మర్నాటికి మామూలైంది.

నా బుర్ర పనిచేసింది అక్కడే. తాగే రోజుల్లో పొద్దున లేస్తే నా చేతులు వణికేవి, ఒక్క గుక్క పడితే ఆగేవి. ఇదీ అదేగా! తాగుబోతును తాగుబోతు గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు అనుకున్నాను.

"ఏమే, నీకది వ్యసనం అయిపోయిండాది," అన్నాను.

"మరిచిపోయి పోయినదాన్ని, వ్యసనం ఎట్లవుతుందయ్యా?"

"నేనూ అప్పట్లో ఇట్లాంటి సాకులే చెప్తా ఉంటి."

"సరి, డాక్టరమ్మను ఒక మాట అడిగి మానేస్తా."

"ఆమెను అడిగితే మానద్దనే చెప్తాది. నేనెవుర్ని అడిగి మానినా?"

ఆ రోజుతో మాత్ర ఆపించాను. పైగా ఒక పరీక్ష కూడా పెట్టాను. మాత్రల అట్టను దాచలేదు. అద్దం పక్కన, ఆమె తల దువ్వుకునేచోటే పెట్టాను. అందులో ఎనిమిది మాత్రలున్నాయి. రోజూ డ్యూటీ దిగి రాగానే లెక్కపెట్టేవాణ్ణి. దొంగచాటుగా ఒకటి మింగుతుంది, పట్టుకుంటాను, అప్పుడు ఒప్పుకుంటుంది అని నా ఎత్తు.

మూడో రోజుకు ఆమె గోడ పట్టుకుని నడిచింది. "కండ్లు పక్కకు తిప్పితే తలకాయలో కరెంటు కొట్టినట్టుండాదయ్యా," అంది. నేను నవ్వాను. విషం దిగుతోంది, మంచిదే అన్నాను. చెమటలు పట్టేవి, పిచ్చి కలలొచ్చి ఉలిక్కిపడి లేచేది, కూర చల్లారిందని ఏడ్చేది. ఎవరిదో పెళ్ళి జాకెట్టు చేతులు తలకిందులుగా కుట్టి, విప్పలేక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆసుపత్రికి పోదాం," అని రెండుసార్లు అడిగింది. "మొదలుపెట్టినావా నాటకం," అన్నాను. నా గొంతులో కోపం కూడా లేదు. చాలా శాంతంగా అన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

సాయంత్రం లెక్కపెడితే మాత్రలు మాత్రం ఎనిమిదే ఉండేవి. నా కట్టడి బాగా పనిచేస్తోందని మురిసిపోయాను.

ఆదివారాల్లో మా తాగుడు మానినవాళ్ళ కూటం ఉంటుంది, ఒక చర్చి వెనక హాల్లో. నెలకొకసారి ఇంటివాళ్ళను కూడా రానిస్తారు. పదో రోజు ఆమెను వెంటబెట్టుకుపోయాను. ముందురోజే వల్లెవేయించాను, ఏం చెప్పాలో. పాతికమంది మగవాళ్ళ ముందు, కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని, "నేను మాత్రకు బానిసను. మా ఆయన నన్ను విడిపిస్తా ఉండాడు," అని చెప్పింది. చప్పట్లు కొట్టారు. నా భుజం తట్టారు. ఒక పెద్దాయన మాత్రం బయట నన్ను పక్కకు పిలిచి, "డాక్టరిచ్చే మందుల జోలికి మనం పోకూడదు తంబీ," అన్నాడు. ఆయనకు నామీద కుళ్ళు అనుకున్నాను. రైల్వే వంతెన మెట్ల మీద ఆమె తల పట్టుకుని కూర్చుండిపోతే, లేవమని చెయ్యి కూడా ఇవ్వలేదు.

పన్నెండో రోజు వాళ్ళక్క వచ్చింది. చెల్లెలి మొహం చూసి నన్ను తిట్టిన తిట్లు వీధంతా విన్నది. ఇద్దర్నీ ఆసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. "ఇంట్లో మాత్రలు ఎన్ని మిగిలున్నాయి?" అని అడిగింది.

"ఎనిమిది. ఎదురుగానే పెట్టినా. ఒక్కటీ ముట్టుకోలేదు," అన్నాను గొప్పగా.

"మీరు మానిన కొత్తలో ఎదురుగా సీసా పెట్టి ఉంటే?"

ఒకసారి మా ఆవిడ తలుపుకు తాళం వేస్తే గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నాను. ఆ కట్టుతోనే కుంటుకుంటూ మళ్ళీ బ్రాందీ షాపుకు పోయాను.

"ఈమె డోసు ఎప్పుడైనా ఎక్కువ కావాలని అడిగిందా? దానికోసం వెతుక్కుందా, అబద్ధాలాడిందా? వేసుకుంటే మత్తెక్కిందా?" అని అడుగుతూ పోయింది. అన్నిటికీ లేదనే చెప్పాను. నా విషయంలో అయితే అన్నిటికీ అవుననే చెప్పాల్సి వచ్చేది.

"ఒళ్ళు ఈ మందుకు సర్దుకుంటుంది, అది నిజమే. ఒక్కసారిగా తీసేస్తే తిరగబడుతుంది. కొన్ని బీపీ మాత్రలు హఠాత్తుగా ఆపినా అంతే, వాటిని వ్యసనమంటారా? ఒళ్ళు అలవాటుపడటం వేరు, మనసు దానివెంట పరుగెత్తడం వేరు. మీ తాగుడులో రెండూ ఉన్నాయి. ఈమెకున్నది మొదటిదే. కొన్ని నిద్రమాత్రలకైతే మనుషులు నిజంగానే బానిసలవుతారు, ఇది ఆ రకం కాదు. ఈ మాత్ర ఒంట్లోంచి తొందరగా పోతుంది కాబట్టి ఒకటి రెండు రోజులు తప్పినా ఇట్లా చేస్తుంది. ఆపాలంటే నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి."

తర్వాత ఆమెవైపు తిరిగి, "మళ్ళీ మొదలుపెడదామా అమ్మా?" అంది. నా భార్య నా మొహం చూసింది. సరేననడానికి నా అనుమతి కోసం చూసింది. డాక్టరమ్మ గొంతు పెంచి, "ఆయన్ను కాదు, నన్ను చూసి చెప్పు," అనాల్సి వచ్చింది.

మాత్ర మొదలుపెట్టిన మూడు రోజుల్లో ఆ కరెంటు దెబ్బలు ఆగాయి. ఏడాది తర్వాత డాక్టరమ్మే తగ్గించడం మొదలుపెట్టింది. ఏడు నెలలు పట్టింది. చివర్లో ఒకసారి కళ్ళు తిరిగితే డోసులో ఒక మెట్టు వెనక్కి పోయి, మళ్ళీ నిదానంగా దిగారు. మానేశాక ఆ మాత్ర ఊసు ఆమె ఎత్తలేదు. నేనింకా బ్రాందీ షాపు ఎదురైతే రోడ్డు దాటి అవతలివైపు నడుస్తున్నాను.

అప్పుడు ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే, సిగ్గు చంపుకుని చెప్పాను. "వచ్చే కూటంలో నిలబడి తప్పు నాదేనని అందరి ముందరా ఒప్పుకుంటా."

ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు.

"నువ్వు తాగిన పదేండ్లలో నిన్ను ఒక్కనాడన్నా నలుగురి ముందర నిలబెట్టినానా నేను?" అంది. దారం చివర ముడి వేసి, "వద్దులేయ్యా. దానికీ నీకే చప్పట్లు కొడతారు," అంది.

అయినా వెళ్ళాను. నిలబడి అంతా చెప్పాను, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. చప్పట్లు కొట్టారు.