బజ్జీల బండికి అరిచే పేరు

బండికి పేరు పెట్టాలనుకున్నది వ్యాపారం పెరిగి కాదు, పోతుంటే. ఎనభైల చివర్లో ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల నా మిర్చి బజ్జీల బండి ఉండేది. పక్కన ఇంకో రెండు బండ్లు, అవీ బజ్జీలవే. సాయంత్రం టీ వేళకు ప్రొడక్షన్ మేనేజర్ గేటు దగ్గర నిలబడి, యూనిట్‌ మొత్తానికి బజ్జీలు తెమ్మని కేక వేసేవాడు.

"ఓ బజ్జీ అన్నా!"

ముగ్గురమూ లేచేవాళ్లం. ముందు పరిగెత్తినవాడిదే ఆర్డర్. పక్కవాడు కుర్రవాడు, నాకేమో మోకాళ్ల నొప్పులు. ఆ ఒక్క ఆర్డర్ పోతే కలిపిన పిండంతా ఇంటికే. వరసగా కొన్ని రాత్రులు అన్నం బదులు బజ్జీలే తిన్నాక నా భార్యకు ఒళ్లు మండింది.

"ముగ్గురిని ఒకటే తీర్గ పిలుస్తుండు. మనదానికి వేరే పేరుంటే నువ్వొక్కనివే లేస్తవ్ గద. జర పేరు పెట్టరాదయ్యా!"

పేరు పెట్టడం పెద్దపని అనుకుని, పెద్దపనికి చదువుకున్నవాణ్ణి పిలిచాను. కృష్ణానగర్‌లో గది కిరాయికి తీసుకుని, సినిమాలకు మాటలు రాసే అవకాశం కోసం తిరుగుతున్న కోస్తా మనిషి ఆయన.

"సినిమాకైనా బండికైనా టైటిల్లో బరువుండాలి బాబాయ్" అన్నాడు.

"బండి నూకేది నేను. ఇంకా బరువెందుకు సార్?"

వినలేదు. 'శ్రీ వైభవ మధుర రుచుల మిరపకాయ బజ్జీ మందిరం' అని రాయించాడు. రాసినవాడు సినిమా బ్యానర్ల పెయింటర్. అక్షరాల చివర మంటలు కూడా పెట్టాడు. అప్పటికి నాకు చదువు రాదు. మంటలు చూసి మురిసిపోయాను.

మేనేజర్ మంచివాడే, ప్రయత్నించాడు. "ఓయ్ శ్రీ వైభవ మధుర..." అని ఊపిరి పీల్చుకునేలోపు పక్కవాడు పళ్లెంతో గేటు దాటేశాడు.

ఈసారి అరవడం తెలిసినవాణ్ణి పట్టుకున్నాను. ఒక జూనియర్ ఆర్టిస్టు. ఊరేగింపు సీన్లుంటే ముందు నిలబడి నినాదం ఇచ్చేది అతనే. వెనకాల గుంపు దాన్ని అందుకునేది.

"రాసి సూస్తే ఏమొస్తదన్నా? గేటుకాడ నిలబడి ఒర్లి సూడాలె" అన్నాడు. గేటు పక్కన జనరేటర్ వ్యాను ఎప్పుడూ మోగుతుండేది. అతను దాని పక్కన నిలబడి అరవడం, వినిపిస్తే నేను ఇవతల నుంచి చెయ్యెత్తడం. 'రుచి' అసలు రోడ్డు దాటలేదు. 'ఘుమఘుమ' అంటే అది పేరో, జనరేటర్ చప్పుడో తేలలేదు. అలసిపోయి వచ్చి ఒక బజ్జీ కొరికాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పటాకా లెక్క పేలిందన్నా!" అని, నమలడం ఆపి, "ఆగు, గదే!" అని మళ్లీ గేటు దగ్గరకు ఉరికాడు.

"పటా...కా!"

నాకు స్పష్టంగా వినబడింది. నాకే కాదు. కాంపౌండ్ గోడ నీడలో ఊరి జనం వేషాల్లో కునుకు తీస్తున్న జూనియర్ ఆర్టిస్టులందరికీ వినబడింది. నినాదం ఇచ్చేవాడి గొంతు అది. ఏమిటి, ఎందుకు అని ఒక్కడూ అడగలేదు. పిడికిళ్లు లేచాయి.

"పటాకా! పటాకా!"

కొందరైతే లేచి ఊరేగింపు వరస కూడా కట్టారు. ఆ రోజు వాళ్లకు మధ్యాహ్నం భోజనం ఆలస్యంగా పెట్టారట. మేనేజర్ ధర్నా అనుకుని చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటయ్యా మీ డిమాండు? ఎవడు లీడరు?"

అందరూ నినాదం ఇచ్చినవాణ్ణి చూపించారు. అతను నన్ను చూపించాడు.

"డిమాండేం లేదు సార్. బజ్జీల బండి పేరు" అన్నాను.

"బజ్జీలకి నినాదాలేంట్రా! రేపు నీ బండి ఇక్కడ కనబడిందో, లాగి పారేయిస్తా!"

ఇంటికొచ్చి చెబితే నా భార్య పిండి కలపడం ఆపలేదు. "రోడ్డు ఆయనదా ఏంది? జర దూరం పెట్టు, పో."

మర్నాడు బండిని ఇంకాస్త ఎడంగా నిలబెట్టాను. ఇప్పుడు పరుగు పందెంలో గెలిచే ఆశ అసలే లేదు. టీ వేళ అయింది. మేనేజర్ గేటు దగ్గరకొచ్చి నా వైపు చూసి ముఖం చిట్లించాడు. కానీ లోపల డైరెక్టర్, నిన్న అరిచారే, ఆ పటాకా ఏమిటో తెప్పించమన్నాడట. మేనేజర్ చేదుమందు మింగినట్టు మొహం పెట్టి అరిచాడు.

"పటాకా!"

పక్కబండ్లవాళ్లు కూర్చున్నచోటే ఉండిపోయారు. గోడనీడన మాత్రం అందరూ లేచారు.

"పటాకా! పటాకా!"

"నోర్ముయ్యండ్రా! బజ్జీలకి పిలిచా!"

"బజ్జీలకి పిలిచా! బజ్జీలకి పిలిచా!"

ఆ గోలలోనే మూకుట్లో రెండో వాయి వేశాను.