పొట్టి తాడు

మా కరువు సీమలో వానను తిట్టే అలవాటు లేదు. వాన అంత అరుదు. అందుకే ఎప్పుడైనా ముసురు పట్టుకుంటే బట్టలెలా ఆరబెట్టాలో కూడా తెలియదు. నర్సింగ్ కాలేజీ ఇంటర్వ్యూకు మా అమ్మాయి సాయంత్రం బస్సెక్కాలి. వేసుకోవడానికి ఉన్నది ఒక్క తెల్ల చుడీదారు. ముందురోజు ఉతికినప్పుడు, అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి కదా, బేరమాడి చవగ్గా ఒక తాడు ముక్క తెచ్చి నడవలో కట్టాను. చోటు చాలక బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి వేశాను. జల్లు కొడుతుందని కిటికీలూ మూసేశాను.

పొద్దునకు చుడీదారు చెమ్మగానే ఉంది, ముక్కిన వాసన కొడుతోంది. అమ్మాయి ముఖం చూడలేక సాంబ్రాణి పొగ వేయబోయాను.

"పొగేస్తే పోదప్పా, రెండు వాసనలూ కలిసి కొడ్తాయి. కిటికీలు మూస్తే తేమ యాడికి పోతాది?" అంది నా భార్య.

వేడినీళ్లలో సబ్బుపొడి కలిపి మళ్లీ ఉతికింది. పొడి తువ్వాలులో చుట్టి ఇద్దరం గట్టిగా మెలిపెట్టాం. జల్లు పడని వైపు కిటికీ తెరిచి, చుడీదారు ఒక్కదాన్నే ఫ్యాను కింద హ్యాంగరుకు వేసింది. కరెంటు పోతే మా పని అయిపోయినట్టే. ఫ్యాను నెమ్మదించినప్పుడల్లా తలెత్తి చూశాను.

బస్సు వేళకు కుట్ల దగ్గర మాత్రమే చెమ్మ మిగిలింది. దాన్ని ఇస్త్రీపెట్టె లాగేసింది. చుడీదారు చంక దగ్గర ముక్కు పెట్టి అమ్మాయి చాలాసేపు వాసన చూసింది.

"సబ్బు వాసనే నాయనా," అంది. "ఆ తాడు మాత్రం ఎవరికైనా అమ్మేయ్."