కత్తెరమ్మ కుడి బుగ్గ

కత్తెరమ్మ దుకాణంలో ఒక గోడ నిండా అద్దమే. కానీ ఆ అద్దం పైసగమంతా కాగితాలే. ధరల పట్టిక, షాంపూ కంపెనీవాళ్ళిచ్చిన బొమ్మలు, ఎప్పుడో అయిపోయిన క్యాలెండరు. కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంది. వెనక నిలబడి జుట్టు కత్తిరించే కత్తెరమ్మ మెడ వరకే కనిపిస్తుంది. ఆమె తలకాయ ఉండాల్సిన చోట షాంపూ పిల్ల పళ్ళికిలిస్తూ ఉంటుంది.

అదంతా అలంకారం అనుకునేరు. కానే కాదు. ఏ కాగితం ఏ ఎత్తులో అంటించాలో కొలిచి మరీ అంటించుకుంది మహాతల్లి.

సంగతేమిటంటే, చాలా ఏళ్ళ కిందట ఒక పెళ్ళి ఫొటోలో తన ముఖం చూసి ఆమె అదిరిపడింది. కుడి బుగ్గ ఎడమ బుగ్గ కన్నా ఎత్తుగా ఉంది, నవ్వు ఒక పక్కకి లాగినట్టుంది. ఇంటి అద్దంలో రోజూ చూసుకునే ముఖం అలా లేదు. అద్దం మొహమాటానికి అబద్ధం చెబుతోందనీ, ఫొటో ఒక్కటే నిజం కక్కిందనీ ఆమె తీర్మానించేసుకుంది. అద్దం కుడిఎడమలను మార్చి చూపిస్తుందని, ఆ మారిన ముఖానికే తన కళ్ళు అలవాటు పడ్డాయని ఆమెకు తట్టలేదు. అలవాటైన వంకర కంటికి ఆనదు. అదే వంకర అటునుంచి ఇటు మారితే కొండంత కనిపిస్తుంది.

ఇక మొదలైంది తద్దినం. గరిటె వెనక వైపు చూసుకోవడం, ఆగి ఉన్న కార్ల అద్దాల్లో చూసుకోవడం, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని ఫొటో తీసుకుని చెరిపేయడం. అంత దగ్గరనుంచి తీస్తే ఎవరి ముఖమైనా ఉబ్బినట్టే వస్తుంది కదా, అది మాత్రం గుర్తుండదు. వేళ్ళతో రెండు బుగ్గలూ నొక్కి పోల్చుకునేది. నొక్కీ నొక్కీ ఆ చోటు నిజంగానే కందిపోయేది. "బుగ్గ ఎత్తుగా ఉందా?" అని మొగుణ్ణి అడిగితే "లేదే" అనేవాడు. కాసేపు ప్రాణం కుదుటపడేది. అన్నం వడ్డించేలోపు మళ్ళీ అదే అనుమానం. చూసుకున్నకొద్దీ తేలడం మాట దేవుడెరుగు, ఉన్న నమ్మకం కూడా పోయేది. చివరికి విసుగెత్తి అసలు చూసుకోవడమే మానేసింది. దాంతో ఊహలో ఆ బుగ్గ ఇంకా పెరిగింది. ఎవరితో మాట్లాడినా ముఖం పక్కకి తిప్పుకోవడం అలవాటైపోయింది.

ఇప్పుడు దుకాణం ఉన్న భవనాన్ని కూల్చేస్తున్నారు. ఈ వయసులో కొత్తచోట కొత్తగా మొదలుపెట్టే ఓపిక ఆమెకు లేదు. ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద సెలూన్‌లో చేయి తిరిగిన మనిషి కావాలన్నారు. ఈ పని రాకపోతే కత్తెర అటకెక్కినట్టే. పరీక్ష ఒక్కటే, దవడ దాకా సమంగా బాబ్ కట్ చేసి చూపించాలి. జుట్టు ఇచ్చే మనిషిని వెంట తెచ్చుకోవాలి. మొగుడి చెల్లెలు తనే ముందుకొచ్చింది.

"నడుం దాకా పెంచుకున్న జుట్టు నీ చేతిలో పెడుతున్నా వదినా. ఉద్యోగం వస్తే నాకు జీవితాంతం ఉచితం" అంది ఆడపడుచు.

"ముందు రానీ, తర్వాత నీ బేరాలు" అంది కత్తెరమ్మ. కానీ లోపల ఒకటే సంబరం, ఒకటే దడ. దారంతా ఆమె కాలు నేలమీద నిలవలేదు.

సెలూన్‌లో అడుగుపెట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎటు చూసినా అద్దాలే, ఒక్క కాగితం ముక్క లేదు. ఆమె తల వంచేసి పని మొదలుపెట్టింది. చేతులు చకచకా కదిలాయి. జడ తెగి ఒళ్ళో పడితే ఆడపడుచు దాన్ని పసిబిడ్డలా పట్టుకుంది. అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. తన పనితనం చూసి ఎవరో "అబ్బ" అనడం వినిపించి కత్తెరమ్మ ఉప్పొంగిపోయింది.

చిక్కు చివర్లో వచ్చింది. తన దుకాణంలో అయితే కుర్చీ ముందుకొచ్చి, వంగి, రెండు వైపులా పోల్చుకునేది. ఇక్కడ అద్దం కింద బల్ల కుర్చీకి ఆనుకుని ఉంది, ముందుకు వెళ్ళే చోటే లేదు. చెవులను ఆనవాలు పెట్టుకుందామంటే కుదరదు. రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉన్న మనిషి ఆమెకు ఇంతవరకు తగల్లేదు. వెనకనుంచి అద్దంలో చూసుకోవాల్సిందే.

"సమంగా వచ్చిందో లేదో అద్దంలో చూసుకోండి" అంది సెలూన్ యజమానురాలు.

కత్తెరమ్మ తలెత్తింది. కళ్ళు జుట్టు మీదకు వెళ్తేగా! తిన్నగా కుడి బుగ్గ మీదకే వెళ్ళాయి. ఇంకాస్త ముందుకు వంగింది. కళ్ళు, ముక్కు, నవ్వు అన్నీ మాయమై ఒక్క బుగ్గే మిగిలింది. చూస్తున్నకొద్దీ అది ఎవరిదో ముఖంలా అయిపోయింది. చెయ్యి ఆగిపోయింది.

"వదినా, నా జుట్టు ఇక్కడుంది" అంది ఆడపడుచు మెల్లగా.

"నా బుగ్గ చూడవే. ఎలా లేచిందో."

ఆడపడుచు అద్దంలో వదిన ముఖాన్ని పరకాయించి చూసింది. "నిజమే, ఏదో తేడాగానే ఉన్నావు."

కత్తెరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి.

"అద్దంలోనే" అంది ఆడపడుచు. "పాపిడి అటెళ్ళింది, ముక్కుపుడక అటెళ్ళింది. నీ పోలికలున్న ఎవరో ఆవిడలా ఉన్నావు. నేను రోజూ చూసే వదిన ఫొటోల్లో ఉన్నట్టే ఉంటుంది."

"ఆ ఫొటోల్లో వంకర ముఖమా?"

"వంకరో టింకరో నాకేం తెలుసు. నాకు అదే వదిన."

కత్తెరమ్మ మళ్ళీ అద్దంలోకి చూసింది. తనకు మామూలుగా తోచే ముఖం ఈ పిల్లకు కొత్తగా ఉందట. తనకు కొత్తగా తోచే ముఖమే ఈ పిల్లకు మామూలట. అద్దం అబద్ధమూ కాదు, ఫొటో శాపమూ కాదు, ఎవరి కన్ను దేనికి అలవాటు పడితే అది!

ఇంకో సంగతి కూడా వెలిగింది. జానెడు దూరంనుంచి చూస్తే ఎంత చక్కటి కత్తిరింపులోనైనా తప్పులే కనిపిస్తాయి. అందుకే పనివాళ్ళు వెనక్కి జరిగి తల మొత్తం చూస్తారు. ముక్కు తగిలేంత దగ్గరకొచ్చి తన బుగ్గ చూసేవాళ్ళు లోకంలో తనొక్కతే.

కత్తెరమ్మ నాలుగడుగులు వెనక్కి జరిగింది. బుగ్గ ఎక్కడికీ పోలేదు, భయమూ పోలేదు. అయినా కళ్ళు తిప్పుకోకుండా నిలబడింది. కాసేపటికి దడ దానంతటదే సన్నగిల్లింది. అప్పుడు కనిపించింది, ఎడమ పక్క జుట్టు గోరంత పొడుగు. టక్కున సరిచేసింది. తల విదిలించమంది. జుట్టు గుండ్రంగా ఎగిరి రెండు దవడల మీదా ఒకే గీతలో వాలింది.

"సోమవారం నుంచి రండి" అంది యజమానురాలు.

కత్తెరమ్మకు గెంతాలనిపించింది. ఆ ఊపులోనే ఇన్నేళ్ళూ అడగనిది అడిగేసింది. "నా బుగ్గ మీకు ఎబ్బెట్టుగా అనిపించలేదా మేడమ్?"

"ఏ బుగ్గ?" అని ఆవిడ తెల్లబోయింది. "నేను చూసింది మీ చేతులు. కానీ ఒకటి చెప్పనా, మొదట్లో మీరు ఒక్కసారి కూడా ఈ అమ్మాయి ముఖంలోకి చూడలేదు. ఎంత పొగరు అనుకున్నాను. మా దగ్గరకొచ్చేవాళ్ళను అలా చూడనట్టుంటే కష్టమండీ."

"మా వీధిలోనూ అదే అంటారు" అంది ఆడపడుచు.

ఎవరికీ కనబడని బుగ్గను దాచుకోబోయి, అందరికీ కనబడేలా ముఖం తిప్పుకుంటూ వచ్చానన్నమాట అనుకుంది కత్తెరమ్మ. ఆడపడుచు వైపు తిరిగింది.

"మరి నువ్వెప్పుడూ చెప్పలేదేమే?"

"నువ్వెప్పుడైనా నా ముఖం చూసి మాట్లాడావా వదినా?"

కత్తెరమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి కళ్ళు ఇప్పుడు నవ్వడం లేదు.