గుండె బొమ్మలో గీత లేని దారాలు

జమ్మలమడుగులో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. పదో తరగతి పిల్లలకు గుండె పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద వాళ్ళ పుస్తకంలో లేని గీత ఒకటి గీస్తాను. ఎడమ జఠరికలో కవాటం రెక్కల నుంచి కిందికి వేలాడే సన్నటి తెల్లని దారాలుంటాయి. మేం చదివిన పుస్తకంలోనూ వాటిని బొమ్మలో వేశారు గానీ, పేరు రాసే గీత మాత్రం పెట్టలేదు. నేను గీత గీసి ‘స్నాయు రజ్జువులు’ అని రాస్తాను. ఏటా ఎవరో ఒక పిల్ల లేచి, ఇది పరీక్షకు వస్తుందా మేడం అని అడుగుతుంది. రాదు, అయినా రాసుకో అంటాను. ఆ మాటలో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ కోపం ఉంటుంది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. మా ఇంట్లో ‘పరీక్షకు రాదు’ అని మొదట అన్నది నేనే.

మాది ప్రొద్దుటూరు. అబ్బా, అంటే మా నాన్న, నా చిన్నప్పుడు మటన్ అంగట్లో కత్తి పట్టేవాడు. అంగడి తనది కాదు, కూలికి కోసేవాడు. పులివెందుల వైపు నుంచి వచ్చే పొట్టేళ్ళంటే ఆయనకు శానా గౌరవం. ఆదివారం పొద్దున ఆయన ముందు నిలబడిన వాళ్ళు కార్జం ఎక్కువెయ్యి, కొవ్వు తియ్యి అని పోరు పెడుతుంటే తల ఎత్తకుండా అందరికీ సమాధానం చెప్పేవాడు. నేను మూడో తరగతిలో ఉండగా కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరుగా పోయాడు. ఆ తర్వాత మాకు రెండేళ్ళకోసారి రెండు నెలలు దొరికేవాడు. మిగతాదంతా ఫోనే.

ఆ ఇంటి పిల్లల్ని బడి నుంచి తీసుకురావడం ఆయన పని. గేటు బయట కారులో కూర్చుని వాళ్ళ కోసం కాచుకునే అరగంటలో నాకు ఫోన్ చేసేవాడు. సరిగ్గా అప్పుడే నేను మా బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఉండేదాన్ని. నా తండ్రి ఎవరి పిల్లల బడి ముందో ఎదురుచూస్తుంటే, నా బడి ముందు నా కోసం ఎవరూ ఉండేవారు కాదు. ఈ లెక్క నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు జమ్మలమడుగులో బడి వదిలాక బస్సు కోసం నిలబడినప్పుడు, బడి గేటు ముందు కాచుకున్న నాన్నల్ని చూస్తే తడుతుంది.

పదో తరగతిలో నెల పరీక్ష పెట్టారు. గుండె బొమ్మకు పేర్లు రాయమన్నారు. నాకు అన్ని పేర్లూ నోటికి వచ్చు. రాశాను. ఒక్కటి కూడా సరికాలేదు. పేజీలో ఎడమ పక్కనున్నవాటికి ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక అని రాసి, కుడి పక్కనున్నవాటికి కుడివని రాశాను. ధమనులూ సిరలూ వాటితో పాటే తారుమారయ్యాయి. మా సారు అందరి ముందూ నా పేపరు ఎత్తి చూపించాడు. ఇంటికొచ్చి అబ్బాకు ఫోన్‌లో చెప్పి ఏడ్చాను.

ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకుంటాం. కానీ పాఠం తెలుగులో ఉంది కాబట్టి, పాఠం మొదలైతే అబ్బా కూడా తెలుగులోకి వచ్చేవాడు. అదీ అంగడి తెలుగు. బొమ్మ ఫోటో తీసి పంపమన్నాడు. అమ్మ ఫోన్‌తో పేజీ ఫోటో తీసి పంపాను. కాసేపు చూసి నవ్వాడు.

“ఆ గుండెకాయ నీకు ఎదురుగా నిలబడి ఉండాది బేటా. ఎదురుగా ఉండే మనిషి కుడిచెయ్యి నీకు యాడ కనపడతాది? నీ ఎడం పక్కనే గదా. అయినా నీకంత లెక్క ఎందుకు, కండ చూడు. మందంగా ఉండేది ఎడమది. పల్చగా ఉండేది కుడిది. ఏ పొట్టేలుకైనా అంతే.”

చూశాను. నిజమే. బొమ్మలో ఒక గది గోడ రెండో దానికన్నా బాగా లావుగా గీసి ఉంది. నేను వందసార్లు చూసిన బొమ్మ. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్నట్టు, మా సారుకు నేర్పే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని పొంగిపోయాను. అయితే ఎందుకు మందంగా ఉంటుందో ఆయనకు తెలియదు. అది నేను చెప్పాను. కుడి జఠరిక పక్కనున్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, ఎడమది ఒళ్ళంతటికీ రక్తం తోయాలి, అందుకే అంత కండ అన్నాను. అట్లనా అన్నాడు. ఇన్నేళ్ళు కోస్తూ ఎప్పుడూ ఆ మాట అడగలేదని, అడుగుదామన్నా అంగట్లో చెప్పేవాళ్ళెవరని అన్నాడు. ఆ రోజు మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ సంతోషపడ్డారో చెప్పలేను.

అప్పటి నుంచి అదొక ఆట అయింది. ఆయన దగ్గర పేర్లున్న ఫోటో. నా దగ్గర పుస్తకం, పేర్ల మీద అన్నం మెతుకుతో అంటించిన కాగితం ముక్కలు, వాటి మీద అంకెలు. ఐదో తరగతి వరకు చదివిన మనిషి కూడబలుక్కుంటూ చదివి సరిచూసేవాడు. మూడో నంబరు ఏంది? ఊర్ధ్వ మహాసిర. ఆరో నంబరు? పుపుస ధమని. జీర్ణవ్యవస్థ బొమ్మ కూడా పంపాను గానీ, బోటి కడిగి కడిగి విసుగొచ్చింది, దాని మొహం మళ్ళీ చూడనన్నాడు. గుండె బొమ్మ దగ్గరే ఉండిపోయాడు. నాకు రోజురోజుకూ పొగరెక్కింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ గదా. ఆయన ఒక్క పేరు తడబడినా ఎగతాళి చేసేదాన్ని.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పాలి. మాకు తర్వాతెప్పుడో తెలిసిన సంగతి ఇది. అదే రోజుల్లో అబ్బాకు మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. ఆ ఇంటివాళ్ళు ఆస్పత్రికి పంపారు. అక్కడి డాక్టరు గుండెను మిషన్‌లో చూసి, ఎడమ పక్క కవాటాన్ని పట్టుకునే దారం ఒకటి తెగిందని, రక్తం వెనక్కి పైగదిలోకి పోతోందని చెప్పాడు. ఆలస్యం చేయకుండా ఊరికి పోయి ఆపరేషన్ చేయించుకోమన్నాడు. అబ్బా ఆ కాగితాలు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అమ్మకు చెప్పలేదు. రెండు రోజులకు మామూలుగా బడి గేటు ముందు నుంచి నాకు ఫోన్ చేశాడు.

ఆ రోజు నంబర్లతో మొదలుపెట్టలేదు. ఎడమ కింది గదిలో తెల్ల దారాలు గీసినారు చూడు, వాటి పేరేందని అడిగాడు. చూశాను. దారాలున్నాయి. గీత లేదు.

“దానికి గీత లేదబ్బా. పరీక్షకు రాదు.”

కారు లోపల చల్లగాలి మిషన్ చప్పుడు వినిపిస్తూ ఉంది. తర్వాత మెల్లగా, అట్లాంటి దారం ఒకటి తెగితే మనిషికి ఏమైతాదని అడిగాడు.

నాకు తెలుసు. పుస్తకంలో ఆ ప్రశ్న లేకపోయినా కవాటం పనేమిటో చదివాను. రెక్కను కిందికి పట్టి ఉంచేది తెగితే రెక్క పైకి తిరగబడుతుంది, రక్తం వెనక్కి పోతుంది. ఒక్క నిమిషం ఆలోచిస్తే చెప్పగలిగేదాన్ని. కానీ మరుసటి రోజు పరీక్ష, లెక్కలు ఇంకా మిగిలి ఉన్నాయి. అది పుస్తకంలో లేదబ్బా, టైం లేదు, నంబర్లు అడుగు అన్నాను. ఆయన అడిగాడు. బృహద్ధమని అన్నాను. శభాష్ అన్నాడు. అన్నీ సరిగ్గా చెప్పాను ఆ రోజు.

అబ్బా వచ్చింది ఏడాదిన్నర తర్వాత. ఎయిర్‌పోర్టు నుంచి కారులో ఇంటి ముందు దిగినవాడు గుమ్మం దాకా నడవడానికి రెండుసార్లు ఆగాడు. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేవాడు. తిరుపతికి తీసుకుపోయాం. గుండె సాగిపోయింది, మొదట్లోనే వచ్చి ఉంటే కవాటాన్ని బాగుచేసేవాళ్ళం, ఇప్పుడు కత్తి పెడితే తట్టుకోలేడు అని చెప్పి మందులిచ్చి పంపారు. నేను అప్పటికి ఇంటర్లో బైపీసీ చదువుతున్నాను.

మందుల చీటీ కోసం ఆయన పెట్టె తీస్తే ఆ పాత కాగితాలు దొరికాయి. తేదీ చూశాను. నా పదో తరగతి పరీక్షల వారం. దారాలకు ఆ కాగితంలో ఇంగ్లీషు పేరు రాసి ఉంది. మా ఇంటర్ పుస్తకంలోనూ ఆ పేరుంది. అట్లాగే పెట్టె ముందు కూలబడ్డాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. మధ్యాహ్నం. అమ్మ బయటికి పోయింది. అబ్బా మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. నేను చెప్పి ఉంటే నీకు తెలిసేది, నేను చెప్పలేదు, అందుకే నువ్వు ఇదేదో చిన్న సంగతి అనుకున్నావు అని ఏడుస్తూ ఏవేవో అన్నాను. ఆయన నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చాడు. తర్వాత నా చేతిలోని కాగితాలు తీసుకుని మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

“దారం తెగితే ఏమైతాదో నాకు తెలీదనుకుంటాండావా? ఎన్ని గుండెకాయలు కోసింటా నేను. ఆ రెక్కలు, ఆ దారాలు నా వేళ్ళకు తెలుసు. డాక్టరు చెప్పిన రోజే అర్థమైంది.”

మరి నన్నెందుకు అడిగావన్నాను.

మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకునే మనిషి కదా, ఆలోచిస్తున్నాడో ఊపిరి కూడదీసుకుంటున్నాడో తెలియలేదు.

“నా అంతట నేను వచ్చేస్తానని చెప్పేదానికి నోరు రాలేదు బేటా. దారం తెగితే కష్టమబ్బా, ఎవరికి తెగింది అని నువ్వు అడుగుతావేమో అనుకున్నా. అడిగింటే చెప్పేవాణ్ణి. చెప్పింటే వచ్చెయ్ అబ్బా అనేదానివి. ఆ మాట కోసమే ఫోన్ చేసినా. నీకు మరుసటి రోజు పరీక్ష ఉండె. ఫోన్ పెట్టేసినా.”

ఇందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. అది ఉన్నా బాగుండేది.

ఆయన మంచం అంచున కూర్చుని, వచ్చెయ్ అబ్బా అన్నాను. దాదాపు రెండేళ్ళు ఆలస్యంగా, పక్కనే ఉన్న మనిషితో. వచ్చేసినా గదా అన్నాడు, నా తల మీద చెయ్యి వేసి. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఉన్నాడు.