కారు కెమెరాలోంచి దించిన రెండు వీడియోలు

నన్ను పిల్లల ముందు "నువ్వు" అన్నాడు. పదిహేడేళ్ళ సర్వీసులో ఆ మాట అన్నవాళ్ళు లేరు. అప్పుడు నేను ఐదో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. ఆయన చెప్పులతోనే గుమ్మం దాటి వచ్చాడు.

"నిన్న పొద్దున నా కాయ తొక్కించి పోయింది నువ్వే కదా? కళ్ళు నెత్తికెక్కినాయా?"

ఆయన మా బడి ఉన్న ఊరి మోతుబరి. మా బడి తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్ కూడా. మిరపకాయ ఎండే రోజుల్లో ప్రత్తిపాడు దాటాక ఊళ్ళలో సగం తారు రోడ్డు కళ్లమైపోతుంది. పట్టాలు పరిచి కాయ ఆరబోస్తారు, కార్లూ ఆటోలూ మిగిలిన సగంలోంచి పక్కకి ఒత్తుకుంటూ పోవాలి. గుంటూరు నుంచి రోజూ వచ్చే నేను ఏనాడూ ఒక్క కాయ మీద చక్రం పెట్టలేదు. ఆ మాటే చెప్పాను.

"టైరు అచ్చు ఉంది. ఆ టైములో పోయింది నీ తెల్ల కారే. శనివారం మీటింగులో అందరి ముందూ తప్పయిందని చెప్పు. లేకపోతే నువ్వు ఈ బళ్ళో ఎట్లా ఉంటావో చూస్తా."

పిల్లలు నావైపు చూశారు. ఆయన వెనకే వచ్చిన మా హెడ్మాస్టరు గారు కిటికీలోంచి ఆకాశం కేసి చూశారు. నాకు ఒళ్ళంతా కారం రాసినట్టు మండింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. తప్పయిందని నేను చెప్పడం కాదు, ఆ మాట ఆయన నోటితోనే అనిపించాలి, అదీ "మీరు" అంటూ అనిపించాలి అనుకున్నాను.

తెల్లారాక గుర్తొచ్చింది, కారు అద్దానికి కెమెరా ఉంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు దాంతోపాటే వచ్చింది. బండి తాళం తిప్పగానే "టింగ్" మని మోగి, రికార్డు చేసుకుంటూ పోతుంది. అందులోంచి నేను ఏనాడూ ఏదీ తీసి చూడలేదు. మెకానిక్కుకి ఫోన్ చేస్తే విషయం చెప్పాడు.

"కార్డు నిండితే పాతది చెరిపేసి దాని మీదే ఎక్కిస్తదండి. మీరు తిరిగేదాన్ని బట్టి మూడు రోజులుంటే గొప్ప. ఇవ్వాళే దించుకోండి."

శుక్రవారం భోజనాల బెల్లు కొట్టగానే కార్లో కూర్చున్నాను. తాళం సగం తిప్పి కెమెరా వెలిగించాను. పక్కనున్న బటన్ నొక్కి పట్టుకుంటే వైఫై గుర్తు వచ్చింది. ఫోన్లో కెమెరా పేరు కనిపించింది. పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు, దొంగకి కూడా కష్టం కలగకుండా. కలిసింది. కెమెరా యాప్ తెరిచాను. "కెమెరా దొరకలేదు" అంది.

మళ్ళీ కలిపాను. ఈసారి ఫోను "ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు" అని ఏదో అడిగింది. ఇంటర్నెట్ లేకపోతే పని జరగదు కాబోలనుకుని "మార్చు" అన్నాను. మళ్ళీ దొరకలేదంది. మూడుసార్లు అదే తంతు. నాలుగోసారి పైన చూస్తే ఫోను కలిసి ఉన్నది మా బడి వైఫైకి! అందులో నెట్ ఉంది కాబట్టి, కెమెరాని వదిలేసి అటు దూకుతోంది. పిల్లలకి వైఫై అంటే నెట్ కాదని నేనే పాఠం చెప్పి ఉన్నాను. కెమెరా ఇచ్చే వైఫై ప్రపంచంలోకి పోదు, నా ఫోన్ దాకానే వస్తుంది. బడి వైఫై మరిచిపొమ్మని ఫోనుకి చెప్పాను, మొబైల్ డేటా ఆపాను. ఇంటర్నెట్ లేకపోయినా ఇక్కడే ఉంటావా అంటే ఉంటానన్నాను. అప్పుడు తెరుచుకుంది.

నిమిషానికొక ఫైలు, వందల కొద్దీ. తేదీలు చూస్తే పోయినేడాదివి. గడియారం ఎవరూ సరిచేయలేదు. దాంతో చిన్న చిన్న బొమ్మల్లో ఎరుపు కోసం వెతికాను. పట్టాలు దొరికాయి, పక్కనే ఆయన ట్రాక్టరు. నొక్కాను. ఎండుతున్న కాయకి కాపలా ఉన్నంత మెల్లగా డౌన్‌లోడు శాతం పెరిగింది.

ఫైలు ఆడించి చూశాను. క్లాసుల కోసం ఫోను ఎప్పుడూ శబ్దం లేకుండానే ఉంటుంది. నా కారు ఆగి ఉంది. ముందు ట్రాక్టరు సందులోంచి వెనక్కి వస్తోంది. దానికి తగిలించిన ట్రక్కు వెనక చక్రం పట్టా మీద ఎక్కి, కాయని తొక్కుకుంటూ దిగింది. ఆయన ట్రాక్టరే, ఆయన కాయే! కార్లో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. దాని పక్కనున్న తర్వాతి ఫైలు కూడా దించాను, చూసేంతలో బెల్లు కొట్టారు.

ట్రాక్టరు డ్రైవరు ఎవరో నాకు తెలుసు. మా బళ్ళో మధ్యాహ్నం వంట చేసే ఆవిడ భర్త. గురువారం నన్ను తిడుతున్నప్పుడు ఆవిడ గుమ్మం దగ్గరే గరిటె పట్టుకుని నిలబడింది. నోరు మెదపలేదు. ఆమె మీదా కోపం వచ్చింది. ఇద్దరూ అనుభవించనీ అనుకున్నాను, వాళ్ళు నిజం చెప్పాలి కదా.

శనివారం మీటింగుకి నలభై మంది దాకా వచ్చారు. నేను లేచి, "తప్పయిందని చెప్పే ముందు ఒకటి చూపిస్తానండీ" అన్నాను. రెండు ఫైళ్ళూ ఎక్కించిన పెన్‌డ్రైవు తరగతి టీవీకి పెట్టాను. పెద్ద తెర మీద చక్రం పట్టా ఎక్కింది. వెనక ఎవరో నవ్వారు. మోతుబరి మొహం మాడిపోయింది.

"తప్పయింది మేడంగారూ. మిమ్మల్ని అనవసరంగా అన్నాను" అన్నాడు.

మీరు. ఆ ఒక్క మాటకి మూడు రోజుల మంట చల్లారింది. కడుపు నిండినట్టయింది. టీవీ కట్టెయ్యడం మరిచాను. దానంతటదే రెండో ఫైలు మొదలైంది.

డ్రైవరు కిందికి దిగాడు. నలిగిన కాయ మీదికి మంచి కాయని చేతుల్తో నెట్టాడు. తర్వాత తిరిగి నా కారు ముందుకి వచ్చి, అద్దంలోకి చూస్తూ రెండు చేతులూ జోడించాడు. తెర నిండా అతని మొహమే. అప్పుడు టీవీలోంచి హారన్ మోగింది. పొడుగ్గా, రెండుసార్లు. నాదే. ట్రాక్టరు ఇంకా దారి ఇవ్వలేదని ఒక చేత్తో హారన్ నొక్కుతూ, ఆ క్షణాన నేను తల దించుకుని హెడ్మాస్టరు గారికి "రెండు నిమిషాల్లో వస్తున్నా" అని మెసేజ్ కొడుతున్నాను. ఎదురుగా మనిషి ఉన్నాడని కూడా తెలీదు. అతను ఉలిక్కిపడి పక్కకి జరిగాడు.

మోతుబరి నావైపు చూడలేదు. లేచి, వాణ్ణి పిలవండ్రా అని బయటికి పోయాడు. కాసేపటికి ఆవరణలోంచి తిట్లు వినిపించాయి. ట్రాక్టరు తాళం అక్కడే పడెయ్యమన్నాడు. నేను రిమోట్ పట్టుకుని నిలబడ్డాను.

అందరూ వెళ్ళాక వంటావిడ గిన్నెలు తోముకుంటోంది. నేనే వెళ్ళాను. "నన్ను అంతలేసి మాటలంటుంటే నిజం ఎందుకు చెప్పలేదు?" అన్నాను. గొంతులో ఇంకా కోపమే ఉంది.

ఆవిడ తల ఎత్తకుండానే చెప్పింది.

"చెబుదామనే అనుకున్నామండి. ఆదివారం ప్రార్థన అయినాక చైర్మన్ గారి కాళ్ళ మీద పడదామనుకున్నాం. మీరు మాట పడకుండా ఈయన ముందే చెప్పాల్సిందండి, భయపడ్డాడు. ఆ రోజు ఇంటికొచ్చి, మేడంగారు చూశారే, దణ్ణం పెడితే హారన్ కొట్టి పొమ్మన్నారు, చెప్పరులే అన్నాడండి."