ఎండు రవ్వ లెక్క

డాక్టరు నా రిపోర్టును కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. "ఇది ఇంకా షుగరు కాదు. గడప దాకా వచ్చి నిలబడింది," అన్నాడు. మూడు నెలలు చూద్దాం, తగ్గకపోతే మాత్రలు మొదలు పెడదాం అని గడువు పెట్టాడు. పొద్దున టిఫిను నాలుగు వందల కేలరీల దగ్గర ఆగాలి, అందులో పిండిపదార్థం యాభై గ్రాములు దాటకూడదు. మిగతా పూటల గురించి కూడా చెప్పాడు గానీ నా చెవులు టిఫిను దగ్గరే ఆగిపోయాయి.

మా ఇంట్లో టిఫిను అంటే ఉప్మా. నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి నా భార్య ట్యూషను పిల్లల మధ్య ఉంటుంది. రోజు మొత్తంలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని తినేది ఆ పొద్దుటి ఉప్మా ఒక్కటే. మాకు సంబంధించి దాన్ని సంసారం అని కూడా అనవచ్చు.

ల్యాబులో నాతో పనిచేసే కుర్రవాడు సాయంత్రాలు జిమ్ముకు పోతాడు. వాడే దారి చూపాడు. "ఒక చిన్న త్రాసు కొనుక్కో అనా. ఫోన్లో యాప్ ఉండాది. తినేది తూకమేసి అందులో రాసుకుంటే పిండెంత, ప్రోటీనెంత, కొవ్వెంత, అంతా అదే చెప్తాది. మ్యాక్రోస్ అంటారు."

మర్నాడు పళ్లెంలో ఉప్మా పెట్టించుకుని త్రాసు మీద ఉంచాను. పళ్లెం బరువు పోను మూడు వందల గ్రాములు. యాప్‌లో ఉప్మా అని వెతికితే పది రకాలు కనిపించాయి, ఒకదానికొకటి పొంతన లేదు. చదువుకున్నవాడిని కాబట్టి మూలంలోకి వెళ్లాను. బొంబాయి రవ్వ, మూడు వందల గ్రాములు అని కొట్టాను. వెయ్యీ యాభై కేలరీలు. పిండిపదార్థం రెండు వందల ఇరవై గ్రాములకు ఒక్కటి తక్కువ.

పళ్లెం కేసి చూశాను. ఇన్నేళ్లూ ఈ ఉప్మా నా ఎదురుగా కూర్చుని, నవ్వుతూ, ఇంత పని చేసిందన్నమాట.

ఆ రోజు నుంచి వంద గ్రాములే తిన్నాను. వంద గ్రాముల ఉప్మా అంటే పళ్లేనికి మరక. నా భార్య మొదటి రోజు ఇంకో గరిటె వేయబోయింది. రెండో రోజు, "ఉప్పెక్కువైందా?" అంది. మూడో రోజు, "నా చేతి వంట మీద అలిగినావా ఏమప్పా? చెప్తే మారుస్తా కదా," అంది. నేను యాప్ చూపించాను. ఆమె దాన్ని చూడలేదు, నన్ను చూసింది. మరుసటి వారం నుంచి ఉప్మా చేయడం మానేసింది. నాకు రెండు ఇడ్లీలు పెట్టి, తాను వంటింట్లోనే నిలబడి రాత్రి అన్నంలో మజ్జిగ కలుపుకుని తినేది. ఎదురుగా కుర్చీ ఖాళీ.

పది గంటలకల్లా ఫ్యాక్టరీలో నా కడుపు సైరన్ వేసేది. క్యాంటీనుకు పోయి మిరపకాయ బజ్జీలు తినేవాణ్ని. క్యాంటీన్లో త్రాసు లేదు కాబట్టి అవి లెక్కలోకి రాలేదు. బరువు కూడా తగ్గలేదు. అది నాకు అంతుబట్టని రహస్యంగా ఉండేది.

ఒకరోజు బొగ్గు లారీ నమూనా వచ్చింది. వాన పడి తడిసిన బొగ్గు. నేను కేలరీల విలువ రాస్తుంటే కుర్రవాడు నా భుజం మీంచి తొంగిచూశాడు.

"అనా, ఇది తడి మీద లెక్కనా, ఎండు మీద లెక్కనా?"

మా ల్యాబులో రోజుకు పదిసార్లు వినపడే ప్రశ్న అది. నీళ్లు మండవు. అందుకని బొగ్గును ఓవెన్లో ఆరబెట్టి, పోయిన చెమ్మ ఎంతో చూసి, అప్పుడు విలువ కడతాం. జీతం తీసుకుని చేసే పని.

పెన్ను కింద పెట్టాను. "ఉప్మా," అన్నాను.

"ఏం ఉప్మా?"

"తడిది తూచి ఎండు రవ్వ కింద రాసుకుంటాండానురా ఇన్ని దినాలూ."

వాడు నవ్వీ నవ్వీ స్టూలు మీద కూలబడ్డాడు. "నీళ్లు కూడా రవ్వేనని తింటాండావా అనా!"

ఆదివారం పొద్దున నా భార్యను బతిమాలి ఉప్మా చేయించాను. ముందు ఖాళీ బాణలి తూచాను. రవ్వ ఎండుగా, నీళ్లు తగలకముందే, రెండు వందల గ్రాములు. ఉల్లిపాయ వంద. నూనె దగ్గర గొడవ వచ్చింది.

"నూనె కూడా తూకమేస్తారా యాడన్నా? ఇది వంటిల్లా, అంగడా?"

"సీసాను తూస్తా అంతే. నువ్వు ఎప్పటి మాదిరే పోసెయ్."

పోసింది. సీసా అరవై గ్రాములు తగ్గింది. గ్రాముకు తొమ్మిది కేలరీల చొప్పున ఐదు వందల నలభై. రవ్వను అనుమానించిన రోజుల్లో నేను నూనె పేరే రాయలేదు. నేరం ఒకరిది, శిక్ష ఇంకొకరికి.

ఆఖరున వేరుశనగ గింజలు, నలభై గ్రాములు. ఆమెది ఆత్మకూరు వైపు, వాటిని బుడ్డలంటుంది. మా కడప వైపు శెనక్కాయలంటాం. యాప్‌కు రెండూ తెలియవు. నేను శనగ అని కొడితే కొవ్వు రెండు గ్రాములన్నది. సంబరపడి కుర్రవాడికి ఫోన్ చేశాను.

"అనా, నువ్వు కొట్టింది పప్పు శనగలు! బుడ్డల్లో సగం నూనే. నలభైకి ఇరవై గ్రాముల కొవ్వు, పది గ్రాముల ప్రోటీను. రెండు వందల పాతిక పైనే కేలరీలు."

"చూసినావా," అంది నా భార్య ఫోన్లోకి వినపడేలా, "నేను బుడ్డలనే అన్నా. ఈ మనిషి విన్లేదు."

దించాక బాణలి బరువు పోను ఉప్మా తొమ్మిది వందల గ్రాములు. కేలరీల లెక్కలో రవ్వ ఏడు వందలు, నూనె ఐదు వందల నలభై, గింజలు రెండు వందల ఇరవై ఏడు, ఉల్లిపాయ నలభై. మొత్తం వెయ్యిన్ని ఐదు వందల ఏడు. నా పాత పళ్లెం అందులో మూడో వంతు, అంటే ఐదు వందల కేలరీలు. డాక్టరు గీతకు వంద పైన. అంతే. వెయ్యీ యాభై కాదు.

ఇద్దరం పొయ్యి పక్కనే నిలబడి బేరమాడుకున్నాం. బుడ్డలు తగ్గించనంది. నూనె సగం చేస్తానంది. నూనె ముప్పై అయితే బాణలి మొత్తం పన్నెండు వందల ముప్పై ఏడుకు దిగింది. రెండు వందల యాభై గ్రాముల ఉప్మా, పక్కన ఒక ఉడికించిన గుడ్డు. సుమారు నాలుగు వందల పదిహేను కేలరీలు, పిండి నలభై ఐదు, ప్రోటీను పదిహేను. ఆ పైన పదిహేనింటికీ డాక్టరు కేసు పెట్టడని ఆమె తీర్పు.

"రెండు వందల యాభై అంటే ఎంతప్పా?" అంది. పెట్టి చూపించాను. గుంట గరిటెతో రెండున్నర. "ఇదేందో శానా ఉండాదే," అని తానూ ఒక పళ్లెం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. అన్ని వారాల తర్వాత మా మధ్య ఉప్మా పొగలు కక్కింది. కొంచెం పొడిగా ఉంది. ఆ మాట నేను అనలేదు. నా జీవితంలోని తెలివైన పనుల్లో అదొకటి. బజ్జీల అవసరం కూడా దానంతటదే పోయింది.

మూడు నెలలకు షుగరు గడప దిగి ఒక అడుగు వెనక్కి వేసింది. మాత్రలు ఇప్పుడే వద్దన్నాడు డాక్టరు. "పొద్దున ఏం తింటున్నారు?" అని అడిగాడు.

"ఉప్మా సార్."

ఆయన కనుబొమలు లేచాయి. నేను వివరించబోయాను. ఎండు బరువు, చెమ్మ, సీసా, అన్నీ. నా భార్య నా మోచేయి పట్టుకుని ఆపింది.

"ఇద్దరం కూచోని తింటాండాం సార్," అంది.

లెక్క మొత్తం అదే. డాక్టరు కూడా అంతకుమించి అడగలేదు.