అక్క గులాబీలు, నా పొగాకు మొక్క

హైదరాబాద్ ల్యాబ్‌లో పరిశోధన చేసిన రోజులన్నీ నేను లింగాల ఘనపూర్‌లో అక్క వాళ్ళింట్లోనే ఉన్నాను. పొద్దున్నే జనగామలో రైలెక్కాలి. అంతకంటే ముందే లేచి అక్క డబ్బా కట్టి చేతిలో పెట్టేది. చదువు నాది, నిద్ర చెడింది ఆమెది.

ఇంటి వెనక ఆమెకు గులాబీ తోట ఉండేది. పూలు జనగామ మార్కెట్‌కు పోయేవి. ఒక ఆదివారం నన్ను చెయ్యి పట్టి తోటలోకి లాక్కుపోయింది. మొక్కల మొదళ్ళ దగ్గర, మట్టిని ఆనుకుని, గరుకు గరుకు గడ్డలు.

“మందు కొట్టిన తమ్మీ. కత్తెరతోని గడ్డలన్ని కోసిన. మల్ల అక్కడనే లేస్తున్నయ్. గిదేంది?”

చూడగానే గుర్తుపట్టాను. ల్యాబ్‌లో రోజూ నేను పెంచేది ఈ గడ్డలు తెప్పించే బ్యాక్టీరియానే, అగ్రోబ్యాక్టీరియం. పొగాకు ఆకును ముక్కలు కోసి అందులో ముంచుతాను. కోసిన గాయంలోంచి ఊరే రసాలకు అది మేల్కొంటుంది. దానిలోని ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్‌ఏ నుంచి ఒక ముక్కను మొక్క కణంలోకి పంపిస్తుంది. ఆ ముక్క మొక్క సొంత డీఎన్‌ఏలో అతుక్కుంటుంది. తర్వాత మందుతో బ్యాక్టీరియాను చంపేస్తాం. ముక్క మాత్రం ఉండిపోతుంది, మాకు కావలసింది అదే.

అక్క తోటలోనూ అదే జరిగింది. ల్యాబ్‌లో నేను పెంచేది కూడా ఇదేనని అక్కకు చెప్పాను.

“బ్యాక్టీరియా సచ్చినా, అది పెట్టిపోయిన ముక్క చెట్టుల ఉంటదక్కా. హార్మోన్లు చేయించి గడ్డను పెంచుతనే ఉంటది. ఆ బ్యాక్టీరియాకు తిండి గూడ ఆ గడ్డల్లనే తయారైతది. ఒక చెట్టు కోసిన కత్తెరతోనే ఇంకోటి కోస్తే మనమే అంటిచ్చినట్టు.”

“మరి నీ పొగాకుకు గడ్డలు రావా?”

“గడ్డ కట్టించే జన్యువులు తీసేసి, మాకు కావలసింది పెడ్తం. మోసుకపోయే పని మాత్రం దానిదే.”

“నీ చెట్టు బతికిందా?” అంది అక్క.

“మొన్ననే వేర్లు దిగినయ్.”

“గదన్న మంచిగైంది.” కొంగుతో కళ్ళు తుడుచుకుని పార తెచ్చింది. జబ్బు మొక్కలన్నీ వేళ్ళతో సహా తవ్వి కాల్చేశాం. తోటలో మిగిలింది కొంచెమే.

ఆ బ్యాక్టీరియా మట్టిలో ఉండిపోతుంది, అక్కడ మళ్ళీ గులాబీ వద్దన్నాను. మొక్కజొన్నకు ఈ జబ్బు రాదు కాబట్టి అక్క మక్క వేసింది. కంకులొచ్చాక నా డబ్బాలో మక్క గారెలు మొదలయ్యాయి. ల్యాబ్‌లో వాటికోసం నాకంటే ముందే చేతులు చాచేవాళ్ళు.

ఆమె తోటను తిన్న ఆ బ్యాక్టీరియా గుణమే నా చదువును నిలబెట్టింది. ఇంకెవరైనా అయితే నన్ను చూసి కోపం తెచ్చుకునేవాళ్ళు. అక్క నా మొక్క గురించి అడిగింది. అందుకు ఆమెకు ఎంత మొక్కినా తక్కువే.

ఒక సాయంత్రం ఖాళీ డబ్బా అందుకుంటూ, “నీ చెట్టు ఎట్లుంది?” అంది.

“పూసిందక్కా,” అన్నాను. తన తోటే పూసినట్టు నవ్వింది.